అమ్మ అమెరికా వస్తే హైదరాబాద్ ఇంటి ఇన్సూరెన్స్ నిలుస్తుందా? 30 రోజుల షరతు గురించి

డాలస్_కిరణ్
అందరికీ నమస్తే. మా ఇల్లు వనస్థలిపురంలో, జీ ప్లస్ వన్. కింద అమ్మ ఒక్కతే ఉంటుంది. పైన ఒక ఫ్యామిలీ నాలుగేళ్లుగా అద్దెకు ఉంటున్నారు, మంచివాళ్లు. పై అంతస్తు 2019లో లోన్ తీసుకుని వేశాం. అప్పుడు బ్యాంకు వాళ్లే పదేళ్లకు ఒక ఫైర్ పాలసీ చేయించారు. పాలసీ నా పేరు మీదే ఉంది, ప్రీమియం లోన్‌లో కలిపేశారు. ఇన్నేళ్లలో నేను దాన్ని తెరిచి చూసిందే లేదు.

డిసెంబర్ 12న అమ్మ మా దగ్గరికి వస్తోంది. మా రెండోవాడు పుట్టబోతున్నాడు, మే 20 దాకా ఇక్కడే ఉంటుంది. అంటే కింద పోర్షన్‌కి ఐదు నెలలు తాళమే. మొన్న రాత్రి ఎందుకో అనిపించి ఆ పాలసీ పీడీఎఫ్ తెరిచాను. షరతుల్లో మూడోది చదివి టెన్షన్ పట్టుకుంది. ఇన్సూర్ చేసిన బిల్డింగ్‌లో ఎవరూ ఉండకుండా 30 రోజులు దాటితే, ముందుగా కంపెనీ అనుమతి తీసుకోకపోతే, ఇన్సూరెన్స్ వర్తించదని ఉంది. నాకు అర్థమైంది అదే.

అంటే జనవరి 11 తర్వాత మా ఇంటికి ఇన్సూరెన్స్ లేనట్టేనా? పైన అద్దెవాళ్లు ఉన్నారు కదా, అది లెక్కలోకి రాదా?

ఎల్బీనగర్_అన్న
కిరణ్ బ్రో, టెన్షన్ పడకు. ఇది అందరూ చేసేదే. 29వ రోజున మీ బాబాయో మామయ్యో ఎవరో ఒకరు వెళ్లి ఒక రాత్రి పడుకుంటే చాలు. మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలవుతుంది. మా ఏజెంట్ మాకు అదే చెప్పాడు. మేము ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు మా బావమరిది నెలకోసారి వెళ్లి పడుకునేవాడు. ఏ ఇబ్బందీ రాలేదు.

మల్కాజిగిరి_పద్మ
అన్నా, ఇబ్బంది రాలేదంటే మీ ఇంట్లో ఏమీ జరగలేదని అర్థం. జరిగితే ఎలా ఉంటుందో నేను చెప్తాను, వినండి.

మా అత్తగారి ఇల్లు మల్కాజిగిరిలో, ఒకటే అంతస్తు. పోయినేడు జనవరి 20న అత్తగారిని మా ఆడపడుచు న్యూజెర్సీ తీసుకెళ్లింది. మేము ఉండేది మియాపూర్‌లో. ఆదివారాలు ఎప్పుడైనా వెళ్లి చీపురు పెట్టి, తులసికి నీళ్లు పోసి వచ్చేవాళ్లం. మే 2న మధ్యాహ్నం ఇన్వర్టర్ దగ్గర మంట లేచింది. బ్యాటరీలో నీళ్లు ఎండిపోయి ఉంటాయని ఎలక్ట్రీషియన్ అన్నాడు. మూడు నెలలుగా ఎవరూ మూత తీసి చూడలేదు, ఛార్జింగ్ మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది. హాల్లో ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్, కిటికీలు, వైరింగ్ అన్నీ పోయాయి. పక్కింటివాళ్లకి పొగ కనపడి ఫైర్ ఇంజన్‌కి ఫోన్ చేశారు కాబట్టి వెనక గదులు మిగిలాయి. రిపేర్‌కి ఆరు లక్షల పైనే ఎస్టిమేట్ వచ్చింది.

నష్టం ఎంతో లెక్కకట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చాడు, మంచిగానే మాట్లాడాడు. ఫోటోలు తీసుకున్నాడు. ఫైర్ స్టేషన్ రిపోర్ట్ అడిగాడు, ఇచ్చాం. ఆ తర్వాత ఆరు నెలల కరెంటు బిల్లులు అడిగాడు. నాకు అప్పుడు అనుమానం కూడా రాలేదు. డిసెంబర్‌లో 190 యూనిట్లు, ఫిబ్రవరిలో 14, మార్చిలో 13. ఇన్వర్టర్, బయట లైటు తప్ప ఏమీ నడవలేదని ఆ కాగితమే చెప్పేసింది. గ్యాస్ బుకింగ్ చివరిసారి ఎప్పుడని అడిగాడు. పక్కింటి ఆంటీని కూడా పలకరించాడట. "పాపం, సంక్రాంతి అయ్యాక వెళ్లింది, అప్పటి నుంచి తాళమే" అని ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ తప్పేముంది!

రెండు నెలలకు లెటర్ వచ్చింది. కిరణ్ గారు చెప్పిన ఆ షరతే, మూడో నంబరే. క్లెయిమ్ ఇవ్వము అని. మేము ఆదివారాలు వెళ్లేవాళ్లమని రాశాం. వెళ్లడం వేరు, ఉండడం వేరు అని జవాబు వచ్చింది. ఆడపడుచు వెళ్లే ముందు ఏజెంట్‌కి వాట్సాప్‌లో "అమ్మని తీసుకెళ్తున్నాం" అని పెట్టింది, అతను చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ స్క్రీన్‌షాట్ కూడా పంపాం. ఏజెంట్‌కి చెప్తే కంపెనీ అనుమతి ఇచ్చినట్టు కాదన్నారు. ఇప్పుడు ఇలాంటి గొడవలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గర కంప్లయింట్ ఇచ్చాం, ఇంకా తేలలేదు.

ఎల్బీనగర్_అన్న
అయ్యో, అక్కా. బిల్లులు చూస్తారని నాకు తెలీదు. అయితే ఒక ఫ్యాన్, నాలుగు లైట్లు ఆన్ చేసి వెళ్తే సరి కదా 😄

రిటైర్డ్_సర్వేయర్
ముప్పై ఏళ్లు నేను చేసిన పని ఇదే కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు మానేశాను, ఏ కంపెనీ తరఫునా కాదు.

ఎల్బీనగర్ బాబూ, ముందు మీ ఫ్యాన్ సంగతి. తాళం వేసిన ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుంటే ప్రమాదాన్ని మీరే పెంచుకుంటున్నారు. బిల్లు కోసం అలా చేశారని తెలిస్తే అది మోసం కిందికి వెళ్తుంది, మొత్తం పాలసీయే పోతుంది.

కిరణ్ గారూ, మీరు చదివింది సరిగ్గానే చదివారు. మన దేశంలో పాత ఫైర్ పాలసీలన్నిటిలో ఆ షరతు దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది. దాని వెనుక ఆలోచన పద్మ గారి ఇన్వర్టరే. మనిషి ఉన్న ఇంట్లో ముందు వాసన వస్తుంది, ఎవరో ఒకరు లేచి ప్లగ్ పీకుతారు. మనిషి లేని ఇంట్లో అదే వాసన పక్కింటికి చేరేసరికి సీలింగ్ అంటుకుని ఉంటుంది. నీళ్లూ అంతే. వాషింగ్ మెషిన్ వెనక చిన్న పైపు ఊడితే మనం ఉన్నప్పుడు తుడుచుకునే పని, లేనప్పుడు మూడు రోజులు ధార. ఖాళీ ఇంట్లో ప్రమాదం ఎక్కువసార్లు జరుగుతుందని కాదు, జరిగినది పెద్దదవుతుందని కంపెనీ భయం.

అందుకే ఆ షరతు ఇన్సూరెన్స్‌ను పూర్తిగా మూసేయదు, ఒక తలుపు వదిలిపెట్టింది. నష్టం జరగక ముందే కంపెనీ అనుమతి తీసుకుని, అది పాలసీకి ఎండార్స్‌మెంట్‌గా, అంటే పాలసీకి జతచేసే రాతపూర్వక సవరణగా, ఎక్కితే చాలు. జరిగాక చెప్తే పనికిరాదు. ఏజెంట్‌కి ఫోన్‌లో చెప్తే పనికిరాదు. వాట్సాప్ బొమ్మలు అసలే పనికిరావు.

నెలకోసారి పడుకుంటే లెక్క తిరగబడుతుందా అన్నది మాత్రం నిజంగా వాదన ఉన్న విషయం. షరతులో "ఎవరూ లేకుండా అలాగే 30 రోజులు దాటితే" అన్న అర్థం ఉంది కాబట్టి మధ్యలో ఎవరైనా నిజంగా వచ్చి ఉంటే ఆ వరస తెగిందని వాదించవచ్చు. నేను చూసినవాటిలో వారం పది రోజులు కొడుకు వచ్చి వంట చేసుకుని ఉన్న కేసులో కంపెనీ ఒప్పుకుంది. ఒక రాత్రి చాప వేసుకుని పడుకున్న కేసులో ఒప్పుకోలేదు. దాన్ని నమ్ముకుని ఇల్లు వదలడం నాకైతే నచ్చదు.

టెక్సాస్_తాతారావు
ఒక ముఖ్యమైన తేడా ఎవరూ చెప్పలేదు. వేకెంట్ వేరు, అనాక్యుపైడ్ వేరు. సామాన్లు ఉండి మనుషులు లేకపోతే అనాక్యుపైడ్, సామాన్లు కూడా తీసేస్తే వేకెంట్. వేకెంట్ అయితేనే ప్రాబ్లం, అది కూడా 60 రోజులు దాటాక, దొంగలు అద్దాలు పగలగొట్టడం లాంటివాటికే. కిరణ్ వాళ్లమ్మగారి మంచం, బీరువా, ఫ్రిజ్ అన్నీ అక్కడే ఉంటాయి కదా. కాబట్టి నో ఇష్యూ. మా ప్లేనో ఇంటి పాలసీలో క్లియర్‌గా ఉంది.

రిటైర్డ్_సర్వేయర్
తాతారావు గారూ, మీరు చెప్పింది మీ ప్లేనో ఇంటికి నిజమే. అక్కడి పాలసీల్లో ఆ రెండు మాటలకు వేర్వేరు అర్థాలు, వేర్వేరు ఫలితాలు. కానీ కిరణ్ గారి ఇల్లు వనస్థలిపురంలో ఉంది, పాలసీ ఇక్కడిది. ఇక్కడి ఫైర్ పాలసీలో వాడిన మాట అనాక్యుపైడ్ ఒక్కటే. అంటే మనుషులు ఉండడం గురించే. బీరువా నిండా పట్టుచీరలు ఉన్నా బీరువా ఇంట్లో నివసించదు.

ఈ పొరపాటు అమెరికాలో ఉన్నవాళ్లు చాలామంది చేస్తారు, అందుకే చెప్తున్నాను. అక్కడి ఇంటి పాలసీ చదివిన అలవాటుతో ఇక్కడిది ఊహించుకుంటారు.

డాలస్_కిరణ్
థాంక్యూ సర్. తాతారావు గారూ, నేనూ అచ్చం అదే అనుకున్నాను నిజానికి. నా డాలస్ పాలసీలో కూడా అలాగే ఉంది.

సర్, పై అంతస్తులో అద్దెవాళ్లు ఉన్న సంగతి? బిల్డింగ్ మొత్తానికి ఒకటే పాలసీ. ఇంటి నంబరు కూడా ఒకటే, మీటర్లు మాత్రం రెండు.

రిటైర్డ్_సర్వేయర్
అదే మీ కేసులో అసలు ప్రశ్న. నేనైతే రెండు వైపులా వాదించగలను.

మీ వైపు వాదన: షరతులో ఉన్నది "బిల్డింగ్", పోర్షన్ అని లేదు. పైన నలుగురు వంట చేసుకుని బతుకుతున్నారు, మెట్లు, గేటు, ట్యాంకు అన్నీ ఉమ్మడివే. పొగ వస్తే వాళ్లకే ముందు తెలుస్తుంది. బిల్డింగ్ ఖాళీగా లేదు. ఇది బలమైన వాదన, సర్వేయర్‌గా ఉన్నప్పుడు నేను ఒప్పుకునేవాడిని.

కంపెనీ వైపు వాదన: కింద పోర్షన్‌కి వేరే తలుపు, వేరే మీటరు. ఆ మీటరులో ఐదు నెలలు యూనిట్లు లేవు. మంట మొదలైంది అక్కడే. పైవాళ్ల దగ్గర తాళం కూడా లేదు. ఆ భాగం వరకు ఖాళీయే కదా అంటారు.

ఏది గెలుస్తుందో ముందే చెప్పేవాళ్లెవరూ లేరు. కానీ ఈ వాదన మంట పడ్డాక చేయడం కన్నా ఇప్పుడు ఒక మెయిల్ రాసి తేల్చుకోవడం చవక. ఒక పని చేయండి. పాలసీ మీద ఏ ఆఫీసు ఇచ్చిందో అడ్రసు ఉంటుంది. ఏజెంట్‌కి కాదు, బ్యాంకుకి కాదు, ఆ ఆఫీసుకి రాయండి. పాలసీ నంబరు, ఇంటి అడ్రసు, కింద పోర్షన్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తాళంలో ఉంటుంది, పైన ఎవరు ఉంటారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లకోసారి ఎవరు వచ్చి చూస్తారు, కరెంటు మెయిన్, నీళ్ల వాల్వు కట్టేసి ఉంటాయా. ఇవన్నీ నాలుగు వాక్యాల్లో రాసి, "ఈ కాలానికి షరతు 3 కింద అనుమతిస్తూ ఎండార్స్‌మెంట్ ఇవ్వండి" అని స్పష్టంగా అడగండి. "మీ సమాచారం కోసం" అని మాత్రం రాయొద్దు. సమాచారం ఇచ్చినవాళ్లకి "అందింది" అని జవాబు వస్తుంది. అది అనుమతి కాదు.

మీకు కావలసింది నంబరు, తేదీ ఉన్న ఎండార్స్‌మెంట్ కాగితం. కొంచెం ప్రీమియం అడగొచ్చు, షరతులు పెట్టొచ్చు, కాదనొచ్చు కూడా. కాదన్నా ఇప్పుడే తెలియడం మంచిది.

ఇంకొకటి, అడగకుండా చెప్తున్నాను. ఆ పాలసీలో సమ్ ఇన్సూర్డ్, అంటే కంపెనీ గరిష్ఠంగా ఇచ్చే మొత్తం, ఎంత?

డాలస్_కిరణ్
22 లక్షలు సర్.

రిటైర్డ్_సర్వేయర్
అది మీ లోన్ ఎమౌంట్ కదూ?

డాలస్_కిరణ్
అవును సర్! మీకెలా తెలుసు?

రిటైర్డ్_సర్వేయర్
బ్యాంకు చేయించిన పాలసీల్లో చాలాసార్లు అంతే. బ్యాంకుకి తన అప్పు మేరకు భద్రత చాలు. మీ ఇల్లు రెండు అంతస్తులు కలిపి ఎన్ని చదరపు అడుగులు?

డాలస్_కిరణ్
ఒక్కో అంతస్తు 1,100. మొత్తం 2,200.

రిటైర్డ్_సర్వేయర్
చదరపు అడుగుకి 2,000 అని తక్కువలో తక్కువ వేసుకున్నా మళ్లీ కట్టడానికి 44 లక్షలు. స్థలం విలువ ఇందులో లేదు, స్థలం కాలదు. మీ పాత పాలసీలో సగానికే ఇన్సూర్ చేసినట్టు. అలాంటప్పుడు నష్టంలో కూడా సగమే ఇస్తారు, సరాసరి షరతు అని ఉంటుంది చూడండి. అంటే పద్మ గారికి జరిగినట్టు 6 లక్షల నష్టం జరిగితే, అన్నీ సవ్యంగా ఉన్నా మీకు చేతికి వచ్చేది దాదాపు 3 లక్షలు. దానికి తోడు ఆ పాలసీ బిల్డింగ్‌కే అయి ఉంటుంది. అమ్మగారి ఫ్రిజ్, టీవీ, మంచాలు అందులో ఉండకపోవచ్చు, షెడ్యూల్ చూడండి.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకి భారత్ గృహ రక్ష అని ఒకే నమూనా పాలసీ వచ్చింది, ఏ జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ అయినా ఇవ్వాలి. అందులో ఈ సరాసరి కోత లేదు. బిల్డింగ్‌కి తీసుకుంటే సామాన్లకి బిల్డింగ్ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతటదే వస్తుంది. మీకు 44 లక్షలకు తీసుకుంటే సామాన్లకి 8 లక్షల 80 వేలు. మీ లోన్ ఇంకా నడుస్తోంది కాబట్టి బ్యాంకుతో మాట్లాడి మార్చుకోవచ్చు. అయితే కొత్తది తీసుకునేటప్పుడు ఇంట్లో ఎవరు ఉంటున్నారు, ఎన్నాళ్లు తాళం, అద్దెకి ఉందా అన్నవి ఉన్నదున్నట్టు రాయండి. మధ్యలో మారితే తెలపండి. కొత్త పాలసీ భాష సులువుగా ఉంటుంది, కానీ దాచితే కష్టం అందులోనూ ఉంది.

సైనిక్‌పురి_రాధిక
నాకు ఉన్న భయం వేరే. మంటలు, వరదలు సరే, దొంగతనం? మాది సైనిక్‌పురి, ఇండిపెండెంట్ ఇల్లు. నాన్నగారు మెల్‌బోర్న్‌లో తమ్ముడి దగ్గర ఉంటారు, ఏడాదిలో ఎనిమిది నెలలు ఇల్లు మూసే ఉంటుంది. గృహ రక్ష తీసుకున్నాం. బంగారం లాకర్‌లోనే ఉంది, కానీ ఇత్తడి సామాను, వెండి దేవుళ్లు, ఏసీలు అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఇన్సూరెన్స్ ఉందిలే అని ధైర్యంగా ఉన్నాం.

రిటైర్డ్_సర్వేయర్
అమ్మా రాధికా, ఆ ధైర్యం కాస్త తగ్గించుకోండి. గృహ రక్షలో మామూలు దొంగతనం లేదు. మంటో వరదో వచ్చి, దాని వల్ల ఇల్లు తెరుచుకుపోయి, 7 రోజుల లోపల దొంగలు పడితే, ఆ దొంగతనానికి మాత్రమే ఇస్తారు. ఊరికే తాళం పగలగొట్టి తీసుకెళ్తే ఇవ్వరు.

దొంగతనానికి వేరే బర్గ్లరీ పాలసీ గానీ, గృహ రక్ష మీద అదనంగా తీసుకున్న కవర్ గానీ ఉండాలి. అక్కడ షరతు ఇంకా గట్టిది. మన దగ్గర బర్గ్లరీ పాలసీల్లో సాధారణంగా కనిపించే మాట ఏమిటంటే, పగలూ రాత్రీ ఎవరూ లేకుండా వరుసగా 7 రోజులు దాటితే, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకపోతే, కవర్ ఆగిపోతుంది. ముప్పై కాదు, ఏడు. కొన్ని కంపెనీలు దీన్ని పెంచి ఇస్తాయి, కాబట్టి మీ కాపీలో రోజుల సంఖ్య చూసుకోండి. పైగా తాళం పగలగొట్టినట్టో, గ్రిల్ కోసినట్టో బలవంతంగా ప్రవేశించిన గుర్తులు కనపడాలి. మారు తాళంతో తీసి శుభ్రంగా మూసి వెళ్లిపోతే కష్టం.

ఎనిమిది నెలలు మూసిన ఇంటికి బర్గ్లరీ కవర్ ఇవ్వడానికి చాలా ఆఫీసులు ముందుకు రావు. నిజం చెప్పాలంటే, వెండి దేవుళ్లని కూడా లాకర్‌కి పంపడమే మేలు.

సైనిక్‌పురి_రాధిక
నాన్నగారు దేవుళ్లని లాకర్‌లో పెట్టనివ్వరు అంకుల్. "దేవుడికి కూడా జైలా" అంటారు. చూస్తాను.

అయితే వెనక గదిలో మా వాచ్‌మన్ సత్యం కుటుంబంతో ఉంటాడు. భార్య, ఇద్దరు పిల్లలు. గ్యాస్ పొయ్యి అక్కడే. అది "ఉంటున్నట్టు" కాదా?

రిటైర్డ్_సర్వేయర్
ఆ గది మీ పాలసీలో చూపించిన బిల్డింగ్‌లో భాగమైతే వాదనకు బలం ఉంది, కాంపౌండ్ గోడ పక్కన విడిగా వేసిన రేకుల గది అయితే అంత లేదు. రాతపూర్వకంగా అడిగేటప్పుడు సత్యం గురించి కచ్చితంగా రాయండి. ఇన్సూరెన్స్ లెక్క పక్కన పెట్టినా, రోజూ సాయంత్రం అతను లోపల ఒక చుట్టు చుట్టి రావడం ఏ కాగితం కన్నా విలువైనది. కానీ ఒక మాట గుర్తుపెట్టుకోండి, బర్గ్లరీ పాలసీల్లో ఇంట్లో పనిచేసేవాళ్ల చేతిలో పోయినదాన్ని సాధారణంగా మినహాయిస్తారు.

హయత్‌నగర్_సురేష్
సార్, నాది ఇలాంటిదే. హయత్‌నగర్ దగ్గర మా నాన్నకు 300 గజాల ప్లాట్, అందులో చిన్న రేకుల ఇల్లు. మేము దుబాయ్‌లో ఉంటాం. పక్కవాడు గోడ జరిపేసి సగం కలుపుకున్నాడు. దీనికి ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి? కబ్జాకి కవర్ ఇచ్చే కంపెనీ ఏదైనా ఉందా?

రిటైర్డ్_సర్వేయర్
లేదు సురేష్ గారూ. ఎవరైనా ఆక్రమించి ఇల్లు మన చేతిలో లేకుండా పోయిన నష్టాన్ని ఈ పాలసీలు మినహాయించాయి. మీది సర్వే, పోలీసు, సివిల్ కోర్టు దారి. అక్కడ మీకు బలం కావాలంటే హైదరాబాద్‌లో నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి ఉంచండి. కాన్సులేట్ ముందు చేసి పంపిన పత్రానికి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంప్ వేయించాలి. మిగతాది లాయర్‌ని అడగండి.

మల్కాజిగిరి_పద్మ
సర్, మా సంగతిలో ఒకటి అడగవచ్చా? ఏజెంట్‌కి చెప్పాం, అతను కంపెనీ మనిషే కదా. అతనికి తెలిసింది కంపెనీకి తెలిసినట్టు కాదా?

రిటైర్డ్_సర్వేయర్
పద్మ గారూ, మీరు బాధపడతారని తెలిసీ చెప్తున్నాను. తెలియడం ఒకటి, అనుమతి ఇవ్వడం ఒకటి. షరతు అడిగేది రెండోది. ఏజెంట్‌కి పాలసీ మార్చే అధికారం ఉండదు. అయితే ఆ మెసేజ్ అంబుడ్స్‌మన్ ముందు పూర్తిగా వృథా కాదు. మీరు ఏదీ దాచలేదని, మోసం ఉద్దేశం లేదని అది చూపిస్తుంది. దాన్ని బట్టి మొత్తం కాకపోయినా ఏదో ఒక రాజీకి కంపెనీ దిగవచ్చు. తెలుగులో చక్కగా వివరంగా చెప్పండి, ఆదివారాల సందర్శనలకు ఏమైనా ఆధారాలు ఉంటే, తులసి కోట ఫోటోలు అలాంటివి, తేదీలతో ఇవ్వండి. గెలుస్తారని మాత్రం హామీ ఇవ్వలేను.

మల్కాజిగిరి_పద్మ
ఫోటోలు ఉన్నాయి సర్. మా పిల్లాడు ప్రతిసారీ ఆ ఇంటి మామిడి చెట్టు ఫోటో తీసేవాడు, పూత ఎంత వచ్చిందో నానమ్మకి చూపించడానికి. ఇన్నాళ్లూ ఇది ఆధారమని తట్టలేదు.

ఎల్బీనగర్_అన్న
సార్, నేను కూడా మా పాలసీ తీసి చూశా. మాది గృహ రక్షే, బర్గ్లరీ అదనంగా ఉంది. అందులో ఏడు కాదు, ముప్పై రోజులు అని ఉంది. అయినా ఏజెంట్‌కి ఫోన్ చేసి నెలకోసారి పడుకునే సలహా మెయిల్‌లో రాసిమ్మన్నా. "మెయిల్ ఎందుకన్నా, మాట చాలదా" అన్నాడు. అర్థమైపోయింది.

డాలస్_కిరణ్
(మూడు వారాల తర్వాత)
అప్‌డేట్ ఇస్తానన్నాను, ఇదిగో.

ఆఫీసుకి మెయిల్ పెట్టాను. సర్ చెప్పినట్టే తేదీలు, పైవాళ్లు, తాళం ఎవరి దగ్గర, అన్నీ రాశాను. మొదటి జవాబు "మీ మెయిల్ నమోదు చేశాం" అని వచ్చింది. పాత నేనైతే అక్కడితో హమ్మయ్య అనుకునేవాడిని. మళ్లీ రాశాను, నాకు ఎండార్స్‌మెంట్ కావాలని. నాలుగు రోజులు చప్పుడు లేదు. మూడోసారి రాశాక ఒక మేడమ్ ఫోన్ చేసి చాలా ఓపిగ్గా మాట్లాడారు. పైన అద్దెకు ఉన్నారు కాబట్టి తమ దృష్టిలో బిల్డింగ్ ఖాళీ కాదని, అయినా కింద పోర్షన్ గురించి అనుమతి రాసిస్తామని అన్నారు.

కాగితం నిన్న వచ్చింది. డిసెంబర్ 12 నుంచి మే 31 దాకా. నేనే కొంచెం ముందుకి అడిగాను, అమ్మ టికెట్ మారితే ఇబ్బంది లేకుండా. మూడు షరతులు పెట్టారు. కింద పోర్షన్ మెయిన్ స్విచ్ ఆపి ఉంచాలి, పై ట్యాంకు నుంచి కిందికి వచ్చే నీళ్ల వాల్వు కట్టేయాలి, వారానికోసారి ఎవరైనా లోపలికి వెళ్లి చూసి ఒక పుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టాలి. అదనపు ప్రీమియం అడగలేదు.

సమ్ ఇన్సూర్డ్ సంగతి బ్యాంకుతో నడుస్తోంది. గృహ రక్షకి మారితే పాతదాంట్లో మిగిలిన కాలానికి డబ్బు ఎంత తిరిగి వస్తుందో వాళ్లూ చెప్పట్లేదు, కంపెనీ కూడా చెప్పట్లేదు. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు.

ఇక అమ్మతో గొడవ వేరే. మెయిన్ ఆపితే ఫ్రిజ్ ఆగుతుంది, ఫ్రిజ్‌లో రెండు కిలోల చింతపండు గుజ్జు, కొత్త నెయ్యి ఉన్నాయట. అవన్నీ పైవాళ్ల ఫ్రిజ్‌లోకి మార్చాం. అసలు గొడవ అది కాదు. పూజ గదిలో రోజూ దీపం పెట్టమని పైన ఉండే ఆవిడకి చెప్పేసింది, ఆవిడ కూడా సరేనంది. రోజూ ఎవరో లోపలికి వెళ్తారు కాబట్టి ఇన్సూరెన్స్‌కి మంచిదే కదా అని అమ్మ లాజిక్.

సర్, ఏం చెప్పమంటారు?

రిటైర్డ్_సర్వేయర్
వెళ్లడం మంచిదే, పుస్తకంలో సంతకం కూడా రోజూ పడుతుంది. కానీ దీపం వెలిగించి తాళం వేసి మేడ ఎక్కేయడం మాత్రం వద్దు. అమ్మగారికి చెప్పండి, ఆ దీపం తులసి కోట దగ్గర బయట పెట్టించమని.

డాలస్_కిరణ్
చెప్పాను సర్. "తులసమ్మకి పెడతారు సరే, లోపల వేంకటేశ్వరస్వామికి ఎవరు పెడతారు?" అంది. ఇంకా ఒప్పించాల్సి ఉంది. ఫ్లైట్‌కి తొమ్మిది రోజులు టైముంది.